7.5 వస్తే ఏం చేయాలి, 34 వస్తే ఎందుకు నమ్మకూడదు

ప్రశ్న: సార్, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ జేఈఈ మెయిన్‌కు తయారవుతున్నాను. ఆప్షన్లున్న ప్రశ్నల్లో పర్వాలేదు గానీ, జవాబు మనమే టైప్ చేయాల్సిన ప్రశ్నల్లో మార్కులు పోతున్నాయి. ‘జవాబు పూర్ణాంకం రావాలి కదా, అదే నీకు చెకింగ్’ అని మా సీనియర్ చెప్పాడు. పోయిన మాక్ టెస్టులో వాలు మీద జారకుండా దొర్లే ఘన సిలిండర్ త్వరణం అడిగారు. sinθ = 3/4, g = 10. నాకు 7.5 వచ్చింది. ఎక్కడో ఒక 2 వదిలేసి ఉంటానని 15 వేశాను. కీలో 5 అని ఉంది. అదే పేపర్లో y = x², y = 2x + 3 మధ్య వైశాల్యం A అయితే 3A ఎంత అన్నారు. 34 వచ్చింది. పూర్ణాంకమే కదా అని నిశ్చింతగా ముందుకెళ్లాను. కీలో 32. ఒకచోట పూర్ణాంకం రాక దెబ్బతిన్నాను, ఇంకోచోట వచ్చి దెబ్బతిన్నాను. ఇక దశాంశం కనిపిస్తే చేతులు ఆడటం లేదు. ఒక్క ప్రశ్న మీదే పది నిమిషాలు పోతున్నాయి. దశాంశం వస్తే రౌండ్ చేసి వేయాలా, వదిలేయాలా, మొదటి నుంచి మళ్లీ చేయాలా? అసలు ఈ చెకింగ్‌ను నమ్మవచ్చా?

సమాధానం: నమ్మవచ్చు, కానీ ఒకవైపే. పూర్ణాంకంగానే తేలేలా తయారుచేసిన ప్రశ్నలో మీకు దశాంశం వస్తే తప్పు జరిగిందని ఖాయంగా చెప్పవచ్చు. పూర్ణాంకం వచ్చినంత మాత్రాన ఒప్పని చెప్పలేం. మీ సీనియర్ చెప్పినదాంట్లో మొదటి సగం నిజం, రెండో సగం మీరు కలుపుకున్నది. ఆ రెండో సగం ఎంతవరకు నిలుస్తుందనేది ఒక్కో ప్రశ్నలోని అంకెలను బట్టి మారుతుంది. మీరు రాసిన రెండు ప్రశ్నలూ దీనికి చక్కగా సరిపోయాయి కాబట్టి వాటినే విప్పి చూద్దాం.

అంతకంటే ముందు పేపర్ మీద ఏ నియమం ఉందో చూసుకోవాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఈ రకం సెక్షన్ వచ్చినప్పుడు, ప్రతి జవాబూ రుణాత్మకం కాని పూర్ణాంకమని సూచనల్లోనే రాస్తారు. అక్కడ లెక్క సరిగ్గా పూర్ణాంకానికే తేలాలి. మెయిన్ సెక్షన్-బిలో మాత్రం జవాబును దగ్గరి పూర్ణాంకానికి సవరించి వేయమంటారు. అంటే మెయిన్‌లో అసలు జవాబే 5734.47 అయి ఉండవచ్చు, మీరు 5734 వేస్తే సరిపోతుంది. అలాంటి ప్రశ్నలో దశాంశం వచ్చిందని కంగారు పడనక్కర్లేదు.

మరి మెయిన్‌లో ఏది ఏ రకమో ఎలా పోల్చుకోవాలి? ఇచ్చిన విలువలను చూడండి. R = 8.3 అనో, g = 9.8 అనో, log 2 = 0.3 అనో ఇచ్చి, ‘దగ్గరి పూర్ణాంకం’ అని ప్రశ్నలోనే అంటే అది సవరించాల్సిన లెక్క. g = 10, sinθ = 3/4, లేదా గణితంలో శుభ్రమైన సమీకరణాలు ఇచ్చి, ‘దగ్గరి’ అన్న మాట ప్రశ్నలో లేకపోతే, అది సరిగ్గా తేలేలా కట్టిన లెక్క అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. మీ రెండు ప్రశ్నలూ ఈ రెండో రకానివే.

ఇప్పుడు సిలిండర్ దగ్గరికి వద్దాం. వాలు వెంట కిందికి లాగే బలం mg sinθ, పైకి ఘర్షణ f. కాబట్టి mg sinθ − f = ma. సిలిండర్‌ను తిప్పేది ఆ ఘర్షణే. దాని భ్రామకం fR. ఘన సిలిండర్ జడత్వ భ్రామకం ½mR², జారకుండా దొర్లుతోంది కాబట్టి కోణీయ త్వరణం a/R. అంటే fR = ½mR² × a/R. దీన్నుంచి f = ½ma. మొదటి సమీకరణంలో వేస్తే g sinθ = (3/2)a. కాబట్టి a = (2/3) × 10 × (3/4) = 5.

ఈ ఆఖరి మెట్టులో 2/3 పక్కన 3/4 నిలబడి ఉంది చూశారా? పేపర్ తయారుచేసినవారు sinθకు 3/4 ఎందుకు ఇచ్చారు? మామూలుగా ఇచ్చే 30 డిగ్రీలు ఇస్తే జవాబు 10/3 అవుతుంది, పూర్ణాంకం కాదు. సిలిండర్ వల్ల హారంలోకి వచ్చే 3ను కొట్టేయడానికే లవంలో 3 ఉన్న విలువను ఎంచుకున్నారు. అంటే ఇచ్చిన అంకెల్లోనే జవాబుకు దారి కొంత కనిపిస్తోంది. 3/4లోని ఆ 3 మీ లెక్కలో దేనితోనూ కొట్టుకుపోకుండా చివరిదాకా మిగిలిపోయిందంటే, దానికోసం ఉండాల్సిన హారం మీ లెక్కలోకి రాలేదన్నమాట. మీ 7.5 = 10 × 3/4. అందులో 3 అలాగే మిగిలి ఉంది. మీరు దొర్లడాన్ని పూర్తిగా వదిలేసి, నునుపైన వాలు మీద జారే దిమ్మెకు వచ్చే త్వరణాన్ని రాశారు. పోయింది 2 కాదు, తిరుగుడు సమీకరణం మొత్తం.

ఇదే ప్రశ్నలో వేరే తప్పులు చేస్తే ఏమొచ్చేదో చూడండి. ఘన సిలిండర్‌కు బదులు రింగు సూత్రం వాడితే 3.75. ఘన గోళం అనుకుంటే 7.5 × 5/7, అంటే దాదాపు 5.36. బోలు గోళం అనుకుంటే 4.5. సాధారణంగా జరిగే తప్పుల్లో ఒక్కటీ పూర్ణాంకం ఇవ్వడం లేదు. కాబట్టి ఈ ప్రశ్నలో పూర్ణాంకం అనే పరీక్ష చాలా గట్టిది. ఇక్కడ 5 వస్తే ధైర్యంగా వేసి ముందుకెళ్లవచ్చు.

కానీ ఆ దశాంశాలనే రౌండ్ చేస్తే ఏమవుతుందో కూడా గమనించండి. 5.36ను సవరిస్తే 5. గోళం సూత్రం వాడినవారికి కూడా మార్కులు వచ్చేస్తాయి. 4.5ను పైకి సవరించినవారికీ వస్తాయి. 7.5ను పైకి సవరిస్తే 8, అది తప్పు. రౌండ్ చేసే అలవాటు కొన్నిసార్లు ఫలించినట్టు కనిపించేది ఇందుకే. మాక్ టెస్టులో అలా మార్కు వచ్చిన ప్రశ్నను మీరు మళ్లీ తిరగేసి చూడరు. గోళానికీ సిలిండర్‌కూ తేడా మర్చిపోయిన సంగతి బయటపడకుండానే ఉండిపోతుంది.

ఇక మీ 15. పూర్ణాంకం రాలేదు కాబట్టి ఏదో తప్పుందని మీరు గుర్తించడం సరైనదే. తర్వాత చేసిన పనే చిక్కు తెచ్చింది. 7.5ను పూర్ణాంకం చేసే గుణకం ఏదా అని వెతికి, దొరికిన 2తో గుణించారు. అలా వెతికితే గుణకం ఎప్పుడూ దొరుకుతుంది, ఏ భిన్నాన్నైనా దాని హారంతో గుణిస్తే పూర్ణాంకమే కదా. ఆ 2 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ప్రశ్నలోంచి చూపించగలగాలి. ‘వ్యాసం ఇస్తే వ్యాసార్ధం అనుకున్నాను’, ‘రెండు వైపులా తీగ ఉంది, ఒకటే లెక్కేశాను’ లాంటి కారణం చెప్పగలిగితేనే గుణించాలి. కారణం దొరకకపోతే ఆ 15 మీరు కట్టిన సంఖ్యే తప్ప లెక్కలోంచి వచ్చింది కాదు.

పైగా ఆ 15ను వేయకుండా ఆపే ఇంకో సాధనం మీ చేతిలోనే ఉంది. వాలు మీద వదిలేసిన వస్తువు స్వేచ్ఛగా కింద పడే వస్తువుకంటే వేగంగా త్వరణం పొందదు. కాబట్టి జవాబు 10 దాటకూడదు. ఇంకొంచెం ఆలోచిస్తే, ఘర్షణ పైకి లాగుతోంది కాబట్టి జారే దిమ్మెకు వచ్చే 7.5 కూడా దాటకూడదు. 15 మాత్రమే కాదు, 7.5ను సవరించి వేసే 8 కూడా అసాధ్యమే. పూర్ణాంకమా కాదా అని చూసిన వెంటనే, ఏ రెండు విలువల మధ్య ఉండాలి అని కూడా చూస్తే ఐదు సెకన్లు పడుతుంది.

దశాంశం వచ్చినప్పుడు మొదటి నుంచి మొత్తం మళ్లీ చేయడం నేను సిఫారసు చేయను. అదే బుర్ర, అదే దారి, అదే తప్పు మళ్లీ చేసే అవకాశం ఎక్కువ. దానికంటే ఏం మిగిలిందో చూడండి. జవాబులో π మిగిలితే, ప్రశ్న kπ రూపంలో k అడిగిందేమో మళ్లీ చదవండి, లేదా వృత్త వైశాల్యం ఒకవైపే వేశారేమో చూడండి. √3 మిగిలితే 30, 60 డిగ్రీల దగ్గర sin, cos తారుమారు అయ్యాయేమో చూడండి. 0.05 లాంటిది వస్తే సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం ఎక్కడో తప్పింది, లేదా జవాబు అడిగిన ప్రమాణం వేరు. ఇచ్చిన అంకెల్లోని 3, 7 లాంటివి కొట్టుకుపోకుండా మిగిలితే, వాటికి జోడు కావాల్సిన సూత్రం మీరు వాడలేదు. ఇలా మిగులును బట్టి సరిగ్గా ఒక మెట్టుకు వెళ్లి దాన్నే చూడాలి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. పూర్ణాంకం కావాల్సింది చివరి విలువే. మధ్యలో √3 వచ్చినా, 10/7 వచ్చినా చెరిపేయకండి, దశాంశంలోకీ మార్చకండి. భిన్నాన్ని భిన్నంగానే చివరిదాకా తీసుకెళ్తేనే ఏది కొట్టుకుపోయిందో, ఏది మిగిలిందో కనబడుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. రేఖ, పరావలయం కలిసే చోట్లు x² = 2x + 3 నుంచి x = −1, x = 3. వైశాల్యం −1 నుంచి 3 వరకు (2x + 3 − x²) సమాకలని. సమాకలనం చేస్తే x² + 3x − x³/3. పై అవధి 3 దగ్గర 9 + 9 − 9 = 9. కింది అవధి −1 దగ్గర 1 − 3 + 1/3 = −5/3. తీసివేస్తే 9 + 5/3 = 32/3. 3A = 32.

మీ 34 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు దాదాపు కనబడుతోంది. −1 దగ్గర −x³/3 విలువ +1/3 కావాలి. దాన్ని −1/3గా తీసుకుంటే కింది అవధి విలువ −7/3 అవుతుంది, మొత్తం 34/3. ఒక్క గుర్తు పొరపాటు. ఇది పూర్ణాంక పరీక్షకు ఎందుకు దొరకలేదు?

3A అని ఎందుకు అడిగారో ఆలోచిస్తే తెలుస్తుంది. x²ను సమాకలనం చేస్తే హారంలో 3 వస్తుంది. దాన్ని తొలగించి పూర్ణాంకం చేయడానికే పేపర్‌వారు ముందే 3తో గుణించి అడిగారు. అవధులు పూర్ణాంకాలు, గుణకాలు పూర్ణాంకాలు. అలాంటప్పుడు గుర్తులు ఎలా తప్పినా వచ్చేది ఏదో ఒక సంఖ్య బై 3 మాత్రమే, 3తో గుణించగానే అది పూర్ణాంకం అయిపోతుంది. ఇంకో తప్పు చేసి చూడండి. 2xను సమాకలనం చేసినప్పుడు x²కు బదులు x²/2 రాశారనుకుందాం. అప్పుడు 20/3 వస్తుంది, 3A = 20. అదీ పూర్ణాంకమే. అంటే ఈ ప్రశ్నలో పూర్ణాంక పరీక్ష దాదాపు ఏమీ పట్టదు. సిలిండర్ ప్రశ్నలో గట్టి కాపలాదారుగా ఉన్న పరీక్షే ఇక్కడ తలుపు తెరిచి అందరినీ లోపలికి పంపుతోంది.

ఈ తేడాను పరీక్ష హాల్లోనే పసిగట్టడానికి ఒకే ప్రశ్న వేసుకోండి: ‘నేను మామూలుగా చేసే తప్పు ఇక్కడ చేసి ఉంటే, అప్పుడు కూడా పూర్ణాంకమే వచ్చేదా?’ అవును అని తేలితే ఆ పూర్ణాంకానికి విలువ లేదు, వేరే దారిలో సరిచూడాలి. కాదు అని తేలితే నమ్మవచ్చు.

వైశాల్యానికి వేరే దారి సులువుగానే ఉంది. రేఖ పరావలయాన్ని కోసినప్పుడు మధ్యలో చిక్కే వైశాల్యం ఒక త్రిభుజానికి సరిగ్గా 4/3 రెట్లు ఉంటుంది. ఇది ఆర్కిమెడీస్ కాలం నుంచి తెలిసిన ఫలితం. త్రిభుజం రెండు శీర్షాలు రేఖ, పరావలయం కలిసే చోట్లు, మూడో శీర్షాన్ని పరావలయం మీద x విలువల మధ్య బిందువు దగ్గర తీసుకోవాలి. −1కీ 3కీ మధ్య x = 1. అక్కడ రేఖ ఎత్తు 5, పరావలయం ఎత్తు 1, తేడా 4. అడ్డంగా వెడల్పు 4. త్రిభుజ వైశాల్యం ½ × 4 × 4 = 8. దానికి 4/3 రెట్లు 32/3. సమాకలనం, గుర్తులు ఏమీ లేకుండా అరనిమిషంలో 32 ఖాయమైంది, 34 కొట్టుకుపోయింది. సరిచూడటం అంటే అదే లెక్కను రెండోసారి రాయడం కాకుండా, ఇలా మొదటి తప్పుకు చోటే లేని దారిలో వెళ్లడం.

ఇదే లెక్కను A = m/n, m, n లకు ఉమ్మడి కారణాంకం లేదు, m + n ఎంత అని అడిగే రూపంలోనూ చూస్తారు. అక్కడ ఏ భిన్నం వచ్చినా m + n పూర్ణాంకమే కాబట్టి పరీక్ష పూర్తిగా చచ్చిపోతుంది. జవాబు 35. సూత్రంతో చేసి 64/6 దగ్గర ఆగి, కుదించకుండా కలిపేస్తే 70 వస్తుంది. ఆ రూపం కనిపించగానే చూడాల్సింది ఒక్కటే, భిన్నాన్ని పూర్తిగా కుదించారా లేదా.

కెమిస్ట్రీలో ఈ బలహీనత ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 5 మోల్‌ల ఫెర్రస్ ఆక్సలేట్‌ను ఆమ్ల యానకంలో ఆక్సీకరించడానికి ఎన్ని మోల్‌ల KMnO₄ కావాలి అంటే జవాబు 3. ఐరన్ 1 ఎలక్ట్రాన్, ఆక్సలేట్ 2 ఎలక్ట్రాన్లు, మొత్తం 3 వదులుతాయి, పర్మాంగనేట్ 5 తీసుకుంటుంది. 5 × 3/5 = 3. ఐరన్‌ను మర్చిపోతే 2 వస్తుంది, ఆక్సలేట్‌ను మర్చిపోతే 1 వస్తుంది. అన్నీ పూర్ణాంకాలే. పర్మాంగనేట్ తీసుకునే 5ను, ఇచ్చిన 5 మోల్‌లు ముందే కొట్టేశాయి కాబట్టి పైన ఏ సంఖ్య వేసినా పూర్ణాంకమే వస్తుంది. ఇక్కడ 2 వచ్చి తృప్తిపడ్డవారు ఎందరో ఉంటారు.

ఎన్ని అమరికలు, ఎన్ని సాధనలు అని లెక్కించే ప్రశ్నల్లో పూర్ణాంకం రావడం వింతేమీ కాదు, తప్పుగా లెక్కపెట్టినా పూర్ణాంకమే. అక్కడ ఒక మెట్టు ఎక్కువ అడగాలి, జవాబు దేనికి గుణిజం కావాలి అని. a² + b² = 25ను తృప్తిపరిచే పూర్ణాంక జతలు ఎన్ని అంటే, ఒక జవాబును మూల బిందువు చుట్టూ 90 డిగ్రీలు తిప్పినా అది జవాబే. కాబట్టి అవి నాలుగేసి గుంపులుగా వస్తాయి, మొత్తం 4కు గుణిజం కావాలి. (5, 0), (−5, 0) మర్చిపోయి 10 అని లెక్కపెడితే అది 4కు గుణిజం కాదు, తప్పు తేలిపోతుంది. సరైనది 12. అయితే సున్నాకు కూడా ప్లస్, మైనస్ రెండూ వేసి 16 అని లెక్కపెట్టినవారిని ఈ పరీక్ష కూడా పట్టదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు మాట, దశాంశం వస్తే ఏం చేయాలి. మూడు దారులున్నాయి, ఏది ఎంత ఖర్చో చెబుతాను, ఎంచుకోవడం మీ చేతిలో ఉంది.

మెయిన్‌లో 2025 నుంచి సెక్షన్-బిలో సబ్జెక్టుకు 5 ప్రశ్నలు, అన్నీ రాయాల్సినవే. సరైనదానికి 4, తప్పుకు 1 కోత. మొత్తం 75 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే సగటున ప్రశ్నకు 2 నిమిషాల 24 సెకన్లు. మీరు ఒక్కదాని మీద పెట్టే పది నిమిషాల్లో నాలుగు ప్రశ్నల సమయం పోతోంది.

రౌండ్ చేసి వేయడం మొదటి దారి. లెక్కలో 8.3, 9.8 లాంటి విలువలు ఉండి దశాంశం సహజంగా వచ్చినదైతే ఇదే సరైన దారి, వెనక్కి చూడకండి. జాగ్రత్తల్లా రెండే. పేపర్‌లో ఇచ్చిన స్థిరాంకాన్నే వాడండి, చివర్లో ఒక్కసారే సవరించండి. ఒక మోల్ ఆదర్శ వాయువు 300 Kలో సమోష్ణంగా, ఉత్క్రమణీయంగా పది రెట్లు వ్యాకోచిస్తే చేసే పని 2.303 × 8.3 × 300, అంటే 5734 జౌళ్లు. అలవాటుగా 8.314 వాడితే 5744 వస్తుంది. మధ్యలో 19.1149ను 19.1 చేసేస్తే 5730. పద్ధతి అంతా సరైనదే, జవాబు మాత్రం తప్పు. శుభ్రమైన అంకెలున్న ప్రశ్నలో అయితే రౌండ్ చేయడం మంచిది కాదు. 7.5 తప్పని దానికదే చెబుతోంది, దాని పక్కనున్న 8 ఒప్పయ్యే అవకాశం అదృష్టం మీదే ఆధారపడుతుంది.

రెండో దారి ఖాళీగా వదలడం. 4 వస్తాయి, 1 పోతుంది అన్నప్పుడు ఐదింట ఒక్కసారి సరైపోతుందనే నమ్మకం ఉంటే లాభనష్టాలు సమానం, అంతకు మించి నమ్మకం ఉంటేనే వేయడం లాభం. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలో గుడ్డిగా వేసినా నాలుగింట ఒక అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆప్షన్లే లేవు, ఊహించి వేస్తే అవకాశం దాదాపు సున్నా. ఎక్కడ తప్పిందో తెలియని శుభ్రమైన లెక్కలో దశాంశం వస్తే వదలడమే మేలని నా అభిప్రాయం. అడ్వాన్స్‌డ్ సంగతి వేరు. ఇటీవలి పేపర్లలో ఈ సెక్షన్‌కు నెగెటివ్ మార్కు లేదు. ఆ ఏటి సూచనల్లో అదే మాట ఉంటే, అనుమానంగా ఉన్నా ఒక సంఖ్య వేసి రావాలి.

మూడో దారి, పైన చెప్పినట్టు మిగులును చూసి ఒక్క మెట్టును సరిచేయడం. దీనికి ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర ఇవ్వండి. తప్పు దొరికితే సరే. దొరకకపోతే ఆ ప్రశ్నను మార్క్ చేసి వెళ్లిపోండి, చివర్లో సమయం ఉంటే కొత్త కళ్లతో చూడవచ్చు. స్క్రీన్ మీద ఒక చిన్న మెలిక ఉంది. సంఖ్య టైప్ చేసి Save & Mark for Review నొక్కితే, మీరు తిరిగి రాకపోయినా ఆ జవాబును దిద్దుతారు. తప్పైతే మార్కు పోతుంది. వేయకూడదనుకున్న సంఖ్య పెట్టెలో ఉండిపోకుండా Clear Response నొక్కి, తర్వాత ఉత్తి Mark for Review & Next వాడండి.

ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది. మీ పాత మాక్ పేపర్లలో సెక్షన్-బి ప్రశ్నలు ఒక ఇరవై తీయండి. జవాబు కోసం కాదు. ప్రతిదాని పక్కన, మీరు సాధారణంగా చేసే తప్పు ఒకటి కావాలని చేసి ఏమొస్తుందో రాయండి. పూర్ణాంకం రాకపోతే ఒక గుర్తు, వస్తే ఇంకో గుర్తు పెట్టండి. రెండో గుర్తు ఎక్కువగా పడే అధ్యాయాల పేర్లు ఒక కాగితం మీద రాసి, వాటిలో ప్రతిదానికీ ఆ త్రిభుజం లాంటి రెండో దారి ఒక్కటి వెతికి పెట్టుకోండి. వైశాల్యానికి ఒకటి ఇప్పటికే మీ దగ్గరుంది. రెడాక్స్ లెక్కలకు వదిలిన ఎలక్ట్రాన్లు, తీసుకున్న ఎలక్ట్రాన్లు సమానమయ్యాయా అని మూలకం వారీగా ఒక్కసారి కలిపి చూడటం రెండోది.